సికిల్ సెల్ తేల్చడానికి ఏది మేలు: క్యాపిలరీయా, హెచ్‌పీఎల్‌సీయా?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు సికిల్ సెల్ అనుమానం వస్తే ముందు చేసేది సాల్యుబిలిటీ టెస్ట్. ట్యూబులో ద్రావణం మసకబారి వెనక గీతలు కనబడకపోతే సికిల్ సెల్ తెచ్చే S రకం హిమోగ్లోబిన్ ఉన్నట్టు. ఎంత ఉందో, దానికి తోడు ఇంకేముందో ఆ టెస్ట్ చెప్పదు. అది తేలాలంటే రక్తం పెద్ద ల్యాబుకి వెళ్లాలి. అక్కడ హిమోగ్లోబిన్ రకాలని విడదీసే మెషిన్ హెచ్‌పీఎల్‌సీ అయినా కావచ్చు, క్యాపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్ అయినా కావచ్చు. "రెండిట్లో ఏది మంచిదండీ?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. నా ఓటు క్యాపిలరీకే, కానీ అన్ని కేసుల్లోనూ కాదు.

మామూలు A హిమోగ్లోబిన్‌కీ S కీ తేడా చాలా చిన్నది. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ ఉంటుంది. గ్లుటామిక్ ఆమ్లానికి రుణావేశం ఉంది, వాలీన్‌కి ఏ ఆవేశమూ లేదు. ఒక్కో అణువులో రెండు బీటా గొలుసులు కాబట్టి A కంటే S కి రెండు రుణావేశాలు తక్కువ. అణుభారం రెండిటికీ సుమారు 64,500. కరెంటు పెట్టినప్పుడు అణువుని లాగేది దాని ఆవేశం, అడ్డుపడేది దాని సైజు మీద ద్రవం చేసే రాపిడి. వేగం ఈ రెండిటి నిష్పత్తిని బట్టి ఉంటుంది. హిమోగ్లోబిన్లన్నీ ఇంచుమించు ఒకే సైజు కాబట్టి ఇక్కడ విడదీసేది ఆవేశమే. 1949లో పాలింగ్ బృందం సికిల్ హిమోగ్లోబిన్ వేరని పట్టుకున్నది కూడా ఎలక్ట్రోఫోరెసిస్‌తోనే.

క్యాపిలరీ అంటే వెంట్రుకంత సన్నటి రంధ్రం ఉన్న సిలికా గొట్టం. అందులో పీహెచ్ 9.4 దగ్గర బఫర్ నింపుతారు. అంత క్షారంలో గొట్టం గోడమీది సిలనాల్ గుంపులు హైడ్రోజన్ వదిలేసి రుణావేశం పొందుతాయి. బఫర్‌లోని ధన అయాన్లు ఆ గోడని అంటుకుని పొరలా చేరతాయి. వేల వోల్టులు పెట్టగానే ఆ పొర కాథోడ్ వైపు కదిలి, గొట్టంలోని ద్రవాన్నంతా తనతో ఈడ్చుకుపోతుంది. దీన్నే ఎలక్ట్రోఆస్మాటిక్ ప్రవాహం అంటారు. పంపుతో నెడితే ద్రవం మధ్యలో జోరుగా, గోడ దగ్గర నెమ్మదిగా పోతుంది. ఇక్కడ లాగేది చుట్టూ ఉన్న గోడ పొరే కాబట్టి ద్రవమంతా దాదాపు ఒకే వేగంతో సాగుతుంది. శిఖరాలు సన్నగా, విడివిడిగా రావడానికి ఇదొక పెద్ద కారణం.

ఆ పీహెచ్‌లో హిమోగ్లోబిన్‌కీ రుణావేశమే కాబట్టి అది ఆనోడ్ వైపు వెళ్లాలని చూస్తుంది. కానీ ప్రవాహం జోరు ఎక్కువ. వానాకాలం వంశధారలో ఎదురీదేవాడిలా ఎంత ఈదినా దిగువకే కొట్టుకుపోతుంది. రుణావేశం ఎక్కువున్న A గట్టిగా ఎదురీదుతుంది కాబట్టి మామూలుగా కనబడే రకాల్లో అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. దాని కంటే ముందు F, S, E, ఇంకా ముందు A2 అనే మిగతా రకాలు వస్తాయి. కాథోడ్ చివర 415 నానోమీటర్ల కాంతి దాటే ప్రతి గుంపునీ పట్టుకుంటుంది.

లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకి అనుకున్నవి. డిటెక్టర్ వరకు దూరం 40 సెం.మీ., ప్రవాహం వేగం సెకనుకి 0.24 సెం.మీ. A ఎదురీత 0.040, S ఎదురీత 0.036. A నికర వేగం 0.200 కాబట్టి 200 సెకన్లకి వస్తుంది. S వేగం 0.204, అంటే 196 సెకన్లు. ఎడం నాలుగే సెకన్లు. ఇప్పుడు గోడమీద ప్రొటీన్ అంటుకునో, కడగడం సరిగా జరగకో ప్రవాహం 0.22 కి పడిపోయిందనుకోండి. A 222 సెకన్లకి, S 217 సెకన్లకి వస్తాయి. ఒక్కోటి ఇరవై సెకన్లకి పైగా జరిగింది, వాటి మధ్య ఎడం మాత్రం దాదాపు అంతే. కాబట్టి వచ్చిన టైము చూసి పేరు పెడితే పప్పులో కాలేసినట్టే.

అందుకే మెషిన్ A శిఖరాన్ని ఆనవాలుగా పెట్టుకుని మిగతావాటికి జోన్లు గీస్తుంది. సమస్య ఎక్కడంటే, తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ S వచ్చి అసలు జబ్బు ఉన్న SS బిడ్డ రక్తంలో A ఉండదు. అప్పుడు జోన్లు సరిగా కుదరవు. ఆ శాంపిల్‌ని మామూలు రక్తంతో సగం సగం కలిపి మళ్లీ నడిపిస్తాం. A తన చోట కనబడగానే పక్క శిఖరం S జోన్‌లో కూర్చుంటుంది. శాతాలు మాత్రం కలపని పరుగులోవే తీసుకోవాలి.

హెచ్‌పీఎల్‌సీ దారి వేరు. అక్కడ కాలమ్‌లోని రుణావేశ పదార్థానికి హిమోగ్లోబిన్లు అంటుకుంటాయి, బఫర్‌లో లవణం పెంచేకొద్దీ ఒక్కొక్కటీ ఊడి బయటికొస్తాయి. ఇక్కడ F, A ముందు, S వెనక. విడదీసేది ఆవేశమే అయినా, మొత్తం ఆవేశం కంటే కాలమ్‌కి తగిలే ముఖం మీది ఆవేశానికి ప్రాధాన్యం ఎక్కువ. చక్కెర అంటుకున్న, పాతబడిన హిమోగ్లోబిన్లు కూడా తలో చిన్న శిఖరం చూపిస్తాయి. చిక్కంతా ఇక్కడే.

ఒక కేసు ఇలా ఉంటుంది. భర్త S క్యారియర్, భార్య గర్భిణి, ఆమెకి కొద్దిగా రక్తహీనత. హెచ్‌పీఎల్‌సీ రిపోర్టులో ఆమెకి A2 28 శాతం. బీటా గొలుసులు తక్కువగా తయారయ్యే బీటా థలసీమియా క్యారియర్‌లో A2 3.5 దాటుతుంది గానీ ఇంత ఎత్తుకి పోదు. E హిమోగ్లోబిన్ A2 తోనే కలిసి బయటికొచ్చిందన్నమాట. తూర్పు భారతంలో E ఉంది కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు చూడగానే అనుమానిస్తారు. క్యాపిలరీలో అదే రక్తం E గా 25 పైచిలుకు, A2 గా మూడు చిల్లర, రెండు శిఖరాలుగా విడిపోతుంది. మిగతాది A కాబట్టి ఆమె E క్యారియర్. బిడ్డకి S, E రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఆ కలయిక సాధారణంగా SS అంత తీవ్రంగా ఉండదు. ఈ కేసులో క్యాపిలరీ పని సులువు చేసింది, అంతే. హెచ్‌పీఎల్‌సీ చేతులెత్తేసిందని అనలేం.

క్యాపిలరీ నిజంగా గెలిచేది S ఎక్కువున్న రక్తంలో. బిడ్డది SSయా, ఒక వైపు నుంచి బీటా థలసీమియా కలిసిందా అని తేల్చాలంటే A2 కావాలి. హెచ్‌పీఎల్‌సీలో చక్కెర అంటుకున్న S, A2 కిందకి చొరబడి అంకెని పెంచేస్తుంది. SS పిల్లలకి కూడా A2 నాలుగు దాటి కనబడి లేనిపోని టెన్షన్ పెడుతుంది. క్యాపిలరీలో ఆ చొరబాటు లేదు. అలాగని ఆ ఒక్క అంకె మీదే తీర్పు చెప్పకూడదు. ఎర్రకణాల సైజు చూడాలి, తల్లిదండ్రులిద్దరి రక్తమూ చూడాలి.

పాత సెల్యులోజ్ ఎసిటేట్ పట్టీ చవక. కానీ దాని మీద S, D ఒకే గీతలో, A2, C, E ఒకే గీతలో పడతాయి. D లోనూ ఒక గొలుసుకి ఒక రుణావేశమే పోతుంది, అచ్చం S లాగే. అయినా క్యాపిలరీలో ఈ రెండూ పక్కపక్క జోన్లలో విడిగా వస్తాయి. మార్పు అణువులో ఎక్కడ జరిగిందన్నదాన్ని బట్టి చుట్టుపక్కల ఆవేశాలు కూడా కాస్త అటూఇటూ అవుతాయి, అందుకని. ఆవేశం, సైజు నిష్పత్తి అంటే కాగితం మీద లెక్కపెట్టే ప్లస్సులూ మైనస్సులూ కావు.

దగ్గర్లో హెచ్‌పీఎల్‌సీ ఉంటే మొదటి పరీక్షకి అదే చేయించుకోండి. రిపోర్టులో A2 పది దాటినా, S ఎక్కువుండి A2 కూడా పెరిగినా అదే శాంపిల్‌ని క్యాపిలరీకి పంపమనండి. బిడ్డకి ఈ మధ్య రక్తం ఎక్కించి ఉంటే మాత్రం మూడు నెలలు ఆగి రండి. దాత రక్తంలోని A ని ఏ మెషినూ వేరుచేసి చూపలేదు.