పేజీ మార్చాలా, చిట్టా రాయాలా? షాడో పేజింగ్, లాగ్‌లలో ఏది మేలు

రమణ ఖాతాలోంచి సీత ఖాతాలోకి 500 రూపాయలు వెళ్లాలి. డేటాబేస్ ఫైల్లో రమణ లెక్క 5వ పేజీలో ఉంది, సీత లెక్క 9వ పేజీలో ఉంది. 5వ పేజీ డిస్క్‌ మీదకి వెళ్లింది. 9వ పేజీ వెళ్లేలోపు కరెంటు పోయింది. మెషీన్ మళ్లీ లేచేసరికి ఆ 500 ఎవరి దగ్గరా లేవు. రికవరీ గొడవంతా ఈ రెండు రాతల మధ్య సందు గురించే.

దీనికి మనవాళ్ల కొట్లలో గుమాస్తాలకు ఎప్పటినుంచో తెలిసిన పద్ధతి ఒకటుంది. ముందు చిట్టాలో జరిగింది జరిగినట్టు వరసగా రాసేస్తారు. తీరిగ్గా కూర్చున్నాక ఆవర్జాలో ఎవరి పద్దులోకి వాళ్లది ఎక్కిస్తారు. మధ్యలో ఆవర్జా పని ఆగిపోయినా చిట్టా ఉంది కాబట్టి భయం లేదు. లాగ్ అంటే ఆ చిట్టాయే:

```
71 BEGIN
71 పేజీ 5   2000 -> 1500
71 పేజీ 9    300 ->  800
71 COMMIT
```

నియమం ఒక్కటే. పేజీ డిస్క్‌ మీదకి వెళ్లేముందు దాని గురించిన లాగ్ వరస వెళ్లి ఉండాలి. COMMIT వరస డిస్క్‌కి చేరిందంటే లావాదేవీ అయిపోయినట్టే, 5, 9 పేజీలు ఇంకా మెమరీలోనే ఉన్నా సరే. క్రాష్ తర్వాత లాగ్ చదివి, COMMIT ఉన్నవాటిని మళ్లీ చేస్తారు, లేనివాటిని పాత విలువతో వెనక్కి తిప్పుతారు. ప్రతి పేజీ మీద అది చూసిన చివరి లాగ్ వరస నంబరు ఉంటుంది కాబట్టి, ఒకే మార్పు రెండుసార్లు ఎక్కే ప్రమాదం లేదు.

షాడో పేజింగ్‌కి చిట్టాతో పని లేదు. అది ఆవర్జాలో ఉన్న కాగితం మీద దిద్దదు, కొత్త కాగితం తీసుకుంటుంది. ఏ పేజీ డిస్క్‌ మీద ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. 5వ పేజీ నకలు ఖాళీగా ఉన్న 41వ చోట, 9వ పేజీ నకలు 42వ చోట, దిద్దుబాటుతో సహా రాస్తుంది. కొత్త పట్టిక ఒకటి తయారుచేసి, అందులో 5 అంటే 41, 9 అంటే 42 అని పెడుతుంది. ఇవన్నీ డిస్క్‌కి చేరాయని ఖాయం చేసుకున్నాక, ‘అసలు పట్టిక ఇదీ’ అని చూపే ఒక చిన్న గుర్తుని మారుస్తుంది. కమిట్ అంటే ఆ గుర్తు మారడమే. దానికి ముందు కరెంటు పోతే పాత పట్టిక, పాత లెక్కలు అలాగే ఉంటాయి. తర్వాత పోతే కొత్తవి ఉంటాయి. మళ్లీ చేసేదీ లేదు, తిప్పేదీ లేదు.

కాగితం మీద చూస్తే షాడో పేజింగే అందంగా ఉంటుంది. పరీక్షలకి చదివే రోజుల్లో నాకూ ఇంత తేలికైనది వదిలేసి లాగ్ గొడవ ఎందుకు అనిపించేది. లెక్క వేస్తే గానీ సంగతి తెలియదు.

1 జీబీ డేటాబేస్, 4 కేబీ పేజీలు అనుకుందాం. మొత్తం 2,62,144 పేజీలు. పట్టికలో పేజీకి 4 బైట్లు చొప్పున పెడితే పట్టికే 1 ఎంబీ. 500 రూపాయలు మార్చడానికి ఇదంతా నకలు తీయడం అయ్యే పని కాదు, అందుకని పట్టికని చెట్టులా అంచెలుగా కడతారు. అప్పుడు మారిన పేజీ నుంచి వేరు దాకా ఉన్న దారి మాత్రం కొత్తగా రాస్తే చాలు. అయినా మన లావాదేవీకి నాలుగైదు పేజీలు, అంటే ఇంచుమించు 20 కేబీ రాయాలి, అవీ ఖాళీ ఎక్కడ దొరికితే అక్కడ. పైన చూపిన లాగ్ మాత్రం కొన్ని వందల బైట్లు, ఫైల్ చివర వరసగా. పైగా ఒకేసారి కమిట్ కోరిన ఇరవై మంది వరసలు ఒకే ఫ్లష్‌లో డిస్క్‌కి పోతాయి.

లాగ్ వాళ్లకీ నకళ్ల ఖర్చు తప్పదనుకోండి. లాగ్ మీద నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పేజీ మామూలుగా 8 కేబీ. అది సగం రాశాక కరెంటు పోతే పేజీ చిరిగిపోతుంది, దాని మీద చిన్న లాగ్ వరస ఎక్కించినా లాభం లేదు. అందుకే `full_page_writes` ఉన్నంతవరకు, చెక్‌పాయింట్, అంటే మెమరీలో మారిన పేజీలన్నీ డిస్క్‌కి రాసేసే ఘట్టం, అయ్యాక ఒక పేజీని తొలిసారి మార్చినప్పుడు పేజీ మొత్తాన్ని లాగ్‌లో పెడుతుంది. కానీ అది తొలిసారికే, ప్రతి కమిట్‌కీ కాదు.

అసలు చిక్కు ఇద్దరు మనుషులు వచ్చినప్పుడు మొదలవుతుంది. 5వ పేజీలో రమణతో పాటు లక్ష్మి ఖాతా కూడా ఉంది. రెండు లావాదేవీలు ఒకే సమయంలో ఆ పేజీని మార్చాయి, రమణది కమిట్ అయింది, లక్ష్మిది రద్దయింది. 41వ చోట ఉన్న నకల్లో ఇద్దరి మార్పులూ కలిసిపోయాయి, ఇప్పుడు గుర్తుని ఎటు తిప్పాలి? లాగ్‌లో అయితే లక్ష్మి వరస ఒక్కటే వెనక్కి తిప్పితే సరి. షాడోలో అయితే పేజీ మొత్తానికి తాళం వేసి ఒకరి తర్వాత ఒకర్ని రానివ్వాలి.

ఇది పుస్తకాల్లో ఊహించిన కష్టం కాదు. ఈ పద్ధతిని రేమండ్ లోరీ 1977లో వివరించారు, ఐబీఎం శాన్ హోసే ల్యాబ్‌లో కట్టిన సిస్టమ్ ఆర్ అనే డేటాబేస్ దాన్ని వాడింది. అక్కడ షాడో ఒక్కో లావాదేవీని కాపాడలేదు, చెక్‌పాయింట్ దగ్గర నిలకడైన పాత కాపీని ఇవ్వడం వరకే దాని పని. లావాదేవీల కోసం పక్కన లాగ్ కూడా రాయాల్సి వచ్చింది, అంటే రెండు ఖర్చులూ నెత్తిన పడ్డాయి. పక్కపక్కన ఉండాల్సిన పేజీలు చెల్లాచెదురు కావడం ఇంకో తలనొప్పి. 1981లో ఆ జట్టు రాసిన వ్యాసంలోనే, పెద్ద ఉమ్మడి ఫైళ్లకి షాడో లేకుండా లాగ్ ఒక్కటే ఉండే ఏర్పాటు చేయాల్సిందని ఒప్పుకున్నారు.

అలాగని షాడో పేజింగ్ చచ్చిపోలేదు. ప్రోగ్రామ్ లోపలే ఇమిడిపోయే LMDB అనే చిన్న డేటాబేస్ నడిచేది ఈ పద్ధతిలోనే. దాని చిట్కా, రాసేవాడు ఒకేసారి ఒక్కడే. ఫైల్ మొదట్లో రెండు మెటా పేజీలుంటాయి, కమిట్‌లు వాటిని ఒకటి మార్చి ఒకటి వాడతాయి. తెరిచినప్పుడు ఏ పేజీలో లావాదేవీ నంబరు పెద్దదైతే అదే అసలు. క్రాష్ తర్వాత రికవరీ అంటూ ఏమీ ఉండదు, ఫైల్ తెరిస్తే పని మొదలు. చదివేవాళ్లు ఎంతమంది ఉన్నా రాసేవాణ్ని ఆపరు.

దీని రోగం మాత్రం తెలిసి ఉండాలి. ఎవరో ఒకరు చదవడం మొదలుపెట్టి లావాదేవీ మూయకుండా వదిలేస్తే, వాళ్లు చూస్తున్న పాత పేజీలను తిరిగి వాడుకోవడానికి వీల్లేదు. డేటా అంతే ఉంటుంది, ఫైల్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అలా పెరుగుతుంటే ముందు చూడాల్సింది ఇది:

```
mdb_stat -rr /path/to/db
```

చదువుతున్నవాళ్ల పట్టిక వస్తుంది. చనిపోయిన ప్రాసెస్‌లు వదిలేసిన వరసలుంటే అదే తీసేస్తుంది. బతికే ఉన్న ప్రాసెస్ పట్టుకుని కూర్చుంటే దాన్ని మనమే సరిచేయాలి. ఆ తర్వాత కూడా ఫైల్ దానంతటది చిక్కదు, `mdb_copy -c`తో కొత్త కాపీ తీసుకోవాలి.

కాబట్టి చదివేది ఎక్కువ, రాసేది తక్కువ, అంతా ఒకే మెషీన్ మీద అయితే నేను LMDB వైపే మొగ్గుతాను. పదిమంది ఒకేసారి రాసే చోట మాత్రం లాగ్ తప్ప వేరే మాట లేదు. ఇంకో మెషీన్‌కి నకలు పంపాలన్నా, నిన్న మధ్యాహ్నం ఎవరో టేబుల్ తుడిచేస్తే దానికి నిమిషం ముందుకి వెళ్లాలన్నా ఆ చిట్టాయే కావాలి. షాడోలో పాత పేజీలు ఖాళీ జాబితాలోకి పోయాక వాటి చరిత్ర మిగలదు.

ZFS అనే ఫైల్ సిస్టమ్ సంగతీ చూడండి. ఉన్న బ్లాక్ మీద ఎన్నడూ దిద్దదు, కొత్త చెట్టు కట్టి చివర్లో గుర్తు మారుస్తుంది, అచ్చం షాడో పద్ధతే. కానీ ఆ పని కొన్ని సెకన్లకోసారి చేస్తుంది. ‘నా రాత ఇప్పుడే డిస్క్‌కి చేరాలి’ అని `fsync` పిలిచిన ప్రోగ్రామ్ అంతసేపు ఆగలేదు కదా. అందుకని వాళ్ల కోసం పక్కన ఒక చిన్న లాగ్ పెట్టుకుంది, దాని పేరు ZIL.