ఇద్దరే నడిపే బ్లౌజ్ బొటిక్‌కి ఏ ప్లాట్‌ఫామ్ ఉంచాలి? మూడేళ్ల వాడకం తర్వాత సమీక్ష

కటింగ్ టేబుల్ దగ్గర ఒకరు, కౌంటర్ దగ్గర ఒకరు. మగ్గం వర్క్ బయట ఇచ్చి చేయించుకునే బొటిక్. ఫోన్‌కి కేటాయించగలిగేది రోజుకు గంట, మహా అయితే గంటన్నర. ఈ సమీక్ష అలాంటి వాళ్లకోసం. వాట్సాప్ బిజినెస్, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఫేస్‌బుక్ అయిదూ మూడేళ్లు వాడిన మీదట చెబుతున్న మాటలివి.

ముందు వాట్సాప్. కస్టమర్ డిజైన్ ఎక్కడ చూసినా మాట్లాడేది, చీర ఫొటో పంపేది, అడ్వాన్స్ కట్టేది ఇక్కడే. అందుకే దీన్ని ప్రచారానికి కాదు, ఆర్డర్ పుస్తకంలా వాడాలి. ప్రతి చాట్‌కీ లేబుల్ పెట్టండి: అడిగినవారు, అడ్వాన్స్ ఇచ్చినవారు, ఆది జాకెట్టు రావాల్సినవారు, డెలివరీ అయినవారు. శ్రావణమాసం రద్దీలో లేబుల్ లేని చాట్ కిందికి వెళ్లిపోతుంది. ఆది జాకెట్టు రాలేదన్న సంగతి పెళ్లికి నాలుగు రోజుల ముందు బయటపడుతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టును మాత్రం ఎక్కువ నమ్ముకోవద్దు. మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు ఆ మెసేజ్ అసలు చేరదు. జాకెట్టు చేతికిచ్చేటప్పుడే నంబరు సేవ్ చేయించండి.

మిగతా నాలుగింటిలో ఏది ఉంచాలో లైకులను బట్టి తేల్చకండి. అడ్వాన్స్ ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. దానికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. వాట్సాప్ లింకులో ముందే ఒక మాట రాసిపెట్టి, ఒక్కో చోట ఒక్కో లింకు ఇవ్వాలి:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Insta
https://wa.me/91XXXXXXXXXX?text=Google
https://wa.me/91XXXXXXXXXX?text=YouTube
```

X ల స్థానంలో మీ నంబరు రాయండి, మధ్యలో ఖాళీలు వద్దు. లింకు నొక్కగానే ఆ మాట కస్టమర్ మెసేజ్ పెట్టెలో సిద్ధంగా ఉంటుంది. కొందరు దాన్ని చెరిపేస్తారు, కొందరు నేరుగా ఫోన్ చేస్తారు. వాళ్లను "ఎక్కడ చూశారండీ" అని అడిగి రాసుకోవాలి. నాలుగు వారాలు అడ్వాన్సులు ఒక వరుసలో, పెట్టిన గంటలు ఇంకో వరుసలో రాయండి. ఉదాహరణకు ఇన్‌స్టాకి 24 గంటలు పెడితే 8 అడ్వాన్సులు, యూట్యూబ్‌కి 20 గంటలు పెడితే 2, గూగుల్‌కి 2 గంటలు పెడితే 5 వచ్చాయనుకోండి. ఒక్క అడ్వాన్సుకి ఇన్‌స్టాలో 3 గంటలు, యూట్యూబ్‌లో 10 గంటలు పడితే, గూగుల్‌లో అరగంట కూడా పట్టలేదు.

ఇది చూసి ఇన్‌స్టా ఆపేయాలనిపిస్తుంది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. గూగుల్ ప్రొఫైల్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి, జనం ఏ మాటలతో వెతికి వచ్చారో చూడండి. పైన మీ బొటిక్ పేరే ఉంటే వాళ్లకు మీరు ముందే తెలుసు. ఇన్‌స్టాలో చూసో, ఎవరో చెబితే వినో దారి కోసం గూగుల్‌కి వచ్చారు. "మగ్గం వర్క్ నియర్ మీ" లాంటి మాటలుంటేనే ఆ కస్టమర్‌ను తెచ్చింది గూగుల్. మొదటి రకం ఎక్కువగా ఉన్నప్పుడు ఇన్‌స్టా ఆపితే, కొన్నాళ్లకు గూగుల్ కాల్స్ కూడా తగ్గుతాయి.

గూగుల్‌లో కష్టమంతా మొదట్లోనే. వెరిఫికేషన్ వీడియోలో వీధి, బోర్డు, తాళం తీయడం, లోపల మిషన్లు ఒకే షాట్‌లో కనిపించాలి. ఇంట్లోనే కుట్టేవాళ్లు అడ్రస్ దాచి, సేవలందించే ప్రాంతాలు మాత్రం పెట్టుకోవచ్చు. ఆ తర్వాత వారానికి రెండు కొత్త ఫొటోలు, వచ్చిన రివ్యూలకు జవాబులు చాలు.

ఇన్‌స్టాకి వారానికి మూడు రీల్స్ చాలు, అన్నీ ఒకే మధ్యాహ్నం తీసేయవచ్చు. కిటికీ దగ్గర పగటి వెలుగులో, ఎల్ఈడీ ఆపి తీయండి. ఎల్ఈడీ కింద మెరూన్ పట్టు ఎర్రగా కనిపిస్తుంది, తర్వాత "రంగు తేడా" అన్న గొడవ మొదలవుతుంది. చేతి అంచు దగ్గర జర్దోసీ కుట్టు కనిపించేంత దగ్గరగా ఒక షాట్, మనిషి వేసుకున్నప్పుడు ఒక షాట్ ఉండాలి. ధర క్యాప్షన్‌లోనే రాయండి. "ధరకు డీఎం చేయండి" అంటే రోజుకున్న ఆ ఒక్క గంటా ధర చెప్పడానికే పోతుంది.

యూట్యూబ్ లైవ్ చీరల స్టాకు ఉన్నవాళ్లకు బాగుంటుంది. చూపించడానికి ఒకరు, స్క్రీన్‌షాట్లకు జవాబివ్వడానికి ఇంకొకరు కావాలి కాబట్టి ఇద్దరున్న చోట లైవ్ నడిచినంతసేపూ కటింగ్ ఆగిపోతుంది. పైగా ఒక్క పీసే ఉన్న చీర అమ్ముడైనా, వీడియో చూసి నెలల తరబడి అడుగుతూనే ఉంటారు. బ్లౌజ్ డిజైన్ అలా కాదు, అడిగినప్పుడల్లా మళ్లీ చేయవచ్చు. అందుకే లైవ్ మాని, ఇన్‌స్టా కోసం తీసిన రీల్‌నే షార్ట్‌గా పెడితే సరిపోతుంది. ఫేస్‌బుక్‌కి ఇన్‌స్టా నుంచి ఆటోమేటిక్ షేరింగ్ ఆన్ చేసి వదిలేయండి. అక్కడి మెసేజ్‌లు మాత్రం రెండు రోజులకొకసారి చూడాలి, విదేశాల్లో ఉన్న బంధువులు అడిగేది ఎక్కువగా అక్కడే.