ఫోలియోలు కలుపుతామని చెప్పి పథకాలనే మార్చేశారు: విశాఖలో పాత ఫండ్లు ఉన్నవారికి హెచ్చరిక

ద్వారకా నగర్‌లో మ్యూచువల్ ఫండ్ల పనులు చేసిపెట్టే ఒక కార్యాలయం మా నాన్నగారికి చేసిన అన్యాయాన్ని, ఇదే పని మీద తిరుగుతున్నవారు వెంటనే తెలుసుకోవాలని రాస్తున్నాను.

ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు, 2005లో, నాన్నగారు ఒకే ఫండ్ సంస్థకు చెందిన రెండు ఈక్విటీ పథకాల్లో రూ.30,000, రూ.40,000 పెట్టారు. రూ.50,000 లోపు పెట్టుబడికి అప్పట్లో పాన్ అడిగేవారు కాదు. 2007 జులై 2 నుంచి అది తప్పనిసరి అయింది. అందుకే రెండు ఫోలియోల్లోనూ, అంటే ఫండ్ సంస్థ దగ్గర నాన్నగారి పేరున ఉన్న రెండు ఖాతాల్లోనూ, పాన్ లేదు, చిరునామా ఉక్కునగరం క్వార్టర్‌దే ఉండిపోయింది, పాన్ కార్డులో పూర్తిగా ఉన్న ఇంటిపేరు అక్కడ ఒక్క అక్షరంగానే ఉంది. ఈ వివరాలు సరిచేసి, రెండింటినీ ఒకే ఫోలియో నంబరు కిందికి తెమ్మని మాత్రమే మేము అడిగాము. పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా నాన్నగారి చేత సంతకాలు పెట్టించుకున్నారు, మిగతా గడులు తామే నింపుకుంటామన్నారు.

పని పూర్తయిందని చెప్పాక వచ్చిన స్టేట్‌మెంటులో రెండు ఫోలియో నంబర్లూ యథాతథంగా ఉన్నాయి. మారినవి పథకాలు. రెండు చోట్లా పాత పథకం ఎదుట Switch Out అనీ, ఎన్నడూ పేరు వినని ఒక కొత్త పథకం ఎదుట Switch In అనీ ఉంది, దాని కింద స్టాంపు డ్యూటీ కోత చిన్న అక్షరాల్లో ఉంది, ఏజెంటు గడిలో ఆ కార్యాలయం వారి ARN, అంటే కమీషన్ అందుకునే ఏజెంటు గుర్తింపు నంబరు ఉంది. ఫోలియోలను కలపడమంటే యూనిట్లు ఒక నంబరు నుంచి మరో నంబరుకు మారడమే. పథకం, కొన్న తేదీ, కొన్న ధర మారవు, పన్ను ఉండదు, స్టాంపు డ్యూటీ పడదు. స్విచ్ అంటే పాతది అమ్మి కొత్తది కొనడం. డబ్బు అదే సంస్థలో ఉండిపోతుంది కనుక బ్యాంకు ఖాతాలో ఏ కదలికా కనిపించదు, ఇంట్లో ఎవరికీ తెలియదు.

నష్టం ఎంతో చెబుతాను. అమ్మిన నాటి విలువ రెండూ కలిపి రూ.8,70,000. 2018 జనవరి 31 నాటి విలువ రూ.4,20,000ను కొన్న ధరగా తీసుకునే వెసులుబాటు ఉంది కనుక లాభం రూ.4,50,000. అందులో రూ.1,25,000 మినహాయిస్తే మిగిలిన రూ.3,25,000 మీద 12.5 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి రూ.42,250. నాన్నగారి ఇతర ఆదాయం ఇప్పటికే ప్రాథమిక పరిమితి దాటింది కాబట్టి ఇందులో తగ్గేదేమీ లేదు. పైగా కొత్త పథకంలో ఏడాదిలోపు తీస్తే 1 శాతం ఎగ్జిట్ లోడ్ అనే కోత. ఆ కార్యాలయానికి మాత్రం ఈ మొత్తం మీద ఏటా కమీషన్ వస్తూనే ఉంటుంది.

స్టేట్‌మెంటు పట్టుకుని ఇద్దరం వెళ్లాము. నాన్నగారు నిలబడే, "నేను అమ్మమని చెప్పలేదు బాబూ" అన్నారు. అక్కడి మనిషి కంప్యూటరు మీద నుంచి చూపు తిప్పకుండా, "సంతకం మీదే కదా పెద్దాయనా, అన్నీ ఒకే పథకంలో ఉన్నాయి, ఇంటికెళ్లి పడుకోండి" అన్నాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషికి కుర్చీ చూపించలేదు. దారంతా నాన్నగారు ఒక్క మాట మాట్లాడలేదు. డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఆ మాటను నేను క్షమించలేను.

వేర్వేరు ఫండ్ సంస్థల ఫోలియోలను ఎవరూ ఒకే ఫోలియోగా మార్చలేరు. ఒకే సంస్థలోనైనా ఖాతాదారుల పేర్లు, వారి వరుస, ఖాతా నడిపే విధానం ఒకటిగా ఉంటేనే కలుపుతారు. నాన్నగారి పేరున ఒకటి, అమ్మానాన్నల ఉమ్మడి పేరున ఒకటి ఉంటే అవి విడిగానే ఉంటాయి. "అన్నీ ఒకటి చేసేస్తాం" అని ఎవరైనా అంటే, కలుపుతారా, అమ్మి కొంటారా అని ముందే నిలదీయండి. అన్నిటినీ ఒకచోట చూసుకోవడానికి, ఫండ్ల ఖాతాల రికార్డులు నిర్వహించే కామ్స్, కేఫిన్‌టెక్ లేదా ఎంఎఫ్ సెంట్రల్ వెబ్‌సైటులో ఉమ్మడి స్టేట్‌మెంటు ఉచితంగా వస్తుంది. పదేళ్లుగా కదలిక లేని, నంబరు కూడా గుర్తులేని ఫోలియోలను వెతకడానికి సెబీ 2025లో తెచ్చిన మిత్ర వేదిక ఉంది.

ముందు కేవైసీలో పేరు పాన్ ప్రకారం సరిచేయించి, తరువాత ప్రతి ఫోలియోలో పాన్, సొంత మొబైలు, బ్యాంకు ఖాతా, నామినీ చేర్పించి, ఆ తరువాతే ఫోలియోలు కలపమని అడగండి. ఫారంలో స్విచ్ గడినీ, యూనిట్లు అమ్మే రిడంప్షన్ గడినీ సంతకానికి ముందే అడ్డంగా కొట్టేయండి. మేము ఫండ్ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, సంతకం చేసిన అసలు ఫారం నకలు అడిగాము; వారి జవాబు సరిగా లేకపోతే సెబీ వారి ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో వేస్తాము.