ల్యాప్‌టాప్ స్క్రీన్ బెజెల్ ఊడదీయాలంటే ఏది మేలు: వేడా, ఆల్కహాలా?

గుంటూరులో చదువుకుంటున్న మా మేనకోడలి ల్యాప్‌టాప్‌కి ఎడమ హింజ్ దగ్గర స్క్రూ ఊడింది. స్క్రీన్ బాగానే ఉంది. స్క్రూ బిగించాలంటే ముందు స్క్రీన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ బెజెల్ తీయాలి. పైన, పక్కల క్లిప్పులు. కింద, హింజ్‌ల మధ్య గమ్ టేప్.

పవర్ ఆపి, ఛార్జర్ తీసి, మూతను వీలైనంత వెనక్కి వాల్చాను. కింది రెండు మూలల్లో రబ్బరు బిళ్లలుంటే వాటి కింద స్క్రూలు ఉండొచ్చు, ముందు అవి చూసుకోవాలి. పై అంచు మధ్యలో, స్క్రీన్ వైపు నుంచి గిటార్ పిక్‌ని రెండు మిల్లీమీటర్లకు మించకుండా దూర్చి బెజెల్‌ని బయటికి తిప్పితే 'టిక్' మని క్లిప్పు వదులుతుంది. పాత ఏటీఎం కార్డు కూడా పనికొస్తుంది కానీ దాని మూల త్వరగా మెత్తబడిపోతుంది. స్క్రూడ్రైవర్ మాత్రం వద్దు. అంచు మీద గీతలు పడటమే కాదు, చెయ్యి జారితే ప్యానెల్ పగులుతుంది.

పైన, పక్కల పది నిమిషాల్లో వచ్చేసింది. అసలు టెన్షన్ కింది భాగంతోనే. అక్కడ బెజెల్ కొంచెం లేచి మళ్లీ రబ్బరులా వెనక్కి లాక్కుంటే అది గమ్ పట్టు. అసలు కదలకుండా బిర్రుగా ఉంటే ఇంకా ఏదో క్లిప్పో స్క్రూనో ఉన్నట్టు. ఈ తేడా తెలియక బలంగా లాగినప్పుడే సన్నటి కింది పట్టీ విరుగుతుంది.

గమ్‌ని వదిలించడానికి రెండు దారులు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు అంచులో వేసి కాసేపు ఆగితే గమ్ పట్టు తగ్గుతుంది, ప్లాస్టిక్ వంగే భయం లేదు. కానీ ఆ ద్రవం సన్నటి సందుల్లోకి తనంతట తానే పాకుతుంది. ప్యానెల్ పొరల మధ్యకు చేరితే కింది అంచులో మరక మిగిలిపోవచ్చు. పగిలిన ప్యానెల్‌ని ఎలాగూ మార్చేస్తున్నప్పుడు ఆల్కహాల్‌కే నా ఓటు. స్క్రీన్ బాగున్నప్పుడు నేను వాడను.

అందుకే ఇక్కడ హెయిర్ డ్రయ్యర్ తీసుకున్నాను. ఒకేచోట ఆపకుండా, జానెడు దూరం నుంచి, కింది అంచు పొడవునా అటూ ఇటూ నిమిషంన్నర తిప్పాను. చెయ్యి పెడితే వేడిగా తగలాలి, చెయ్యి తీసేయాలనిపించేంత ఉండకూడదు. వెంటనే పిక్‌ని పడుకోబెట్టి బెజెల్ వెనక జరిపితే గమ్ సాగుతూ వదిలింది. చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది కాబట్టి రెండోసారి వేడి చేశాను. పిక్‌ని నిలువుగా లోపలికి పొడవకండి. చాలా ప్యానెళ్లలో సర్క్యూట్ పట్టీ కింది అంచులోనే ఉంటుంది. అది దెబ్బతింటే స్క్రీన్ మీద గీతలు వస్తాయి.

బెజెల్ మొత్తం వదిలాక కూడా ఒక్కసారిగా ఎత్తలేదు. కొన్ని మోడళ్లలో పైన కెమెరా దగ్గర మైకు వైరు బెజెల్‌కే అంటుకుని ఉంటుంది. హింజ్ స్క్రూ బిగించాక పాత గమ్ గీకేసి, రెండు మిల్లీమీటర్ల వెడల్పు డబుల్ టేప్ వేసి, ముందు కింది అంచు నొక్కి, తర్వాత క్లిప్పులు ఒక్కొక్కటీ 'టిక్' మనేదాకా నొక్కుకుంటూ వచ్చాను.