సేఫ్ డేస్ పద్ధతి: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మాత్రలు, కాపర్ టీ లాంటివేవీ లేకుండా, నెలలో గర్భం వచ్చే రోజులేవో గుర్తించి ఆ రోజుల్లో దూరంగా ఉండే పద్ధతిని నేను, మా ఆయన కొన్నేళ్లుగా వాడుతున్నాం. దీని గురించి రాయమని చాలామంది అడుగుతుంటారు. ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. అండం విడుదలైపోయిందని తేలాక మిగిలిన రోజులను నేను పూర్తిగా నమ్ముతాను. అంతకు ముందు రోజులను అంతగా నమ్మను. ఇప్పుడు గర్భం వస్తే ప్రాణానికో, ఆరోగ్యానికో ముప్పు ఉన్నవాళ్లు దీని జోలికి రాకూడదు.

సేఫ్ డేస్ అని అందరూ ఒకే మాట వాడినా, ఆ పేరుతో వేర్వేరు పద్ధతులు చలామణీలో ఉన్నాయి. ఒకటి కేవలం తేదీల లెక్క. నెలసరి 26 నుంచి 32 రోజుల మధ్య వచ్చేవాళ్లు పీరియడ్స్ మొదలైన రోజును మొదటి రోజుగా లెక్కించి 8వ రోజు నుంచి 19వ రోజు వరకు దూరంగా ఉండటమనే స్టాండర్డ్ డేస్ పద్ధతి ఈ కోవలోదే. రెండోది యోని స్రావాన్ని మాత్రమే గమనించడం. మూడోది, నేను వాడేది, సింప్టోథర్మల్. ఇందులో స్రావాన్ని, పొద్దున్నే ఒంటి వేడిని రెండింటినీ చూస్తాం. రెండూ ఒకే మాట చెప్తేనే సేఫ్ అనుకుంటాం. ఫోన్‌లో పీరియడ్స్ తేదీలు వేస్తే పచ్చ రంగులో సేఫ్ డేస్ చూపించే మామూలు యాప్‌లు చాలావరకు మొదటి రకమే. పోయిన నెలలను బట్టి ఈ నెలను ఊహిస్తాయి.

ఆ ఊహ ఎందుకు తప్పుతుందో అర్థం కావాలంటే రెండు విషయాలు తెలియాలి. విడుదలైన అండం బతికేది ఒక్క రోజు లోపే. కానీ మంచి స్రావం దొరికితే వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా బతికి ఉంటాయి. అందుకే గర్భం వచ్చే అవకాశం ఉన్న రోజులు దాదాపు 6: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు 5 రోజులు. అంటే ప్రమాదం అండం కంటే ముందే మొదలవుతుంది. ముందు 5 రోజులు తెలుసుకోవాలంటే భవిష్యత్తు తెలియాలి, అది ఏ థర్మామీటరూ చెప్పదు. అండం విడుదలయ్యాక మాత్రం ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరిగి ఒంటి వేడి కొద్దిగా పెరుగుతుంది, మళ్లీ పీరియడ్స్ వచ్చేదాకా పైనే ఉంటుంది. జరిగిపోయినదానికి అది రుజువు. అందుకే నెలలో రెండో సగం గట్టిది, మొదటి సగం బలహీనం.

చేసే పని ఇదీ. నిద్ర లేవగానే మంచం దిగకముందే, నీళ్లు కూడా తాగకుండా, రోజూ దాదాపు ఒకే వేళకు వేడి చూడాలి. రెండు దశాంశాలు చూపించే థర్మామీటర్ కావాలి. జ్వరం చూసుకునే మామూలు దానిలో ఒకే దశాంశం కనిపిస్తుంది, మనకు కావలసిన తేడా అందులో సరిగా తెలియదు. స్రావాన్ని రోజులో చాలాసార్లు, బాత్‌రూమ్‌కి వెళ్లినప్పుడల్లా చూడాలి. పీరియడ్స్ అయ్యాక కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. తర్వాత జిగటగా, తెల్లగా, క్రీమ్‌లా వస్తుంది. అండం దగ్గరపడే కొద్దీ పలచబడి, పచ్చి గుడ్డులోని తెల్లసొనలా వేళ్ల మధ్య సాగుతుంది, ఒంటికి జారుడుగా తెలుస్తుంది. అలా ఉన్న చివరి రోజును పీక్ డే అంటారు. మర్నాడు తగ్గిపోతేనే అది పీక్ అని తెలుస్తుంది, ఆ రోజే తెలియదు.

నా చార్టుల్లో ఒక నెల గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే పద్ధతుల తేడా అందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నాకు మామూలుగా 27 నుంచి 31 రోజులకు పీరియడ్స్ వస్తాయి. ఆ నెల 11వ రోజున తడి మొదలైంది. 12వ రోజున జ్వరం వచ్చి 14 దాకా ఉంది. ఆ మూడు రోజుల అంకెలను చార్టులో రాసి చుట్టూ గీత గీసి పక్కన పెట్టాను, జ్వరం వేడిని లెక్కలోకి తీసుకోకూడదు. 13వ రోజుకి స్రావం ఆగిపోయింది. శరీరం అండాన్ని సిద్ధం చేయడం మొదలుపెట్టి, జ్వరంతో మధ్యలో ఆపేసినట్టుంది. 17వ రోజున తడి మళ్లీ మొదలై 20వ రోజుకి బాగా సాగే స్థితికి వచ్చింది. 21న తగ్గిపోయింది. కాబట్టి పీక్ 20వ రోజు.

వేడి అంకెలు 15వ రోజు నుంచి 20 వరకు ఇలా ఉన్నాయి: 36.40, 36.45, 36.35, 36.45, 36.40, 36.50. ఈ ఆరింటిలో పెద్దది 36.50. 21న 36.65, 22న 36.70, 23న 36.75. నియమం ఏమిటంటే, ముందు ఆరు రోజుల్లోని పెద్ద అంకె కంటే వరసగా మూడు రోజులు ఎక్కువ ఉండాలి, మూడో రోజు కనీసం 0.2 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉండాలి. 36.75 అంటే 0.25 ఎక్కువ, కాబట్టి ఆ షరతు తీరింది. పీక్ తర్వాత మూడు రోజులు గడవాలన్నది రెండో షరతు. అదీ 23నే తీరింది. ఆ సాయంత్రం నుంచి సేఫ్.

అదే నెలలో తేదీల యాప్ 18వ రోజుకే పచ్చ రంగు చూపించింది. స్టాండర్డ్ డేస్ ప్రకారమైతే 20వ రోజు సేఫ్. నా శరీరంలో అది పీక్ డే, అంటే నెల మొత్తంలో గర్భం వచ్చే అవకాశం బాగా ఎక్కువున్న రోజుల్లో ఒకటి. పీరియడ్స్ 34 రోజులకు వచ్చాయి. తేదీల లెక్క వాడేవాళ్లకు ఆ నెల లెక్క తప్పిందన్న సంగతి అప్పటికిగానీ తెలియదు. ఏడాదిలో ఒకసారికి మించి 26–32 పరిధి దాటితే స్టాండర్డ్ డేస్ మానేయాలని ఆ పద్ధతి నియమమే చెప్తుంది. ఆ నియమాన్ని పట్టించుకునేవాళ్లు నాకు అరుదుగా కనిపించారు.

ఇప్పుడు ఫెయిల్యూర్ సంగతి. ఇవి వాడే 100 మంది స్త్రీలలో ఒక ఏడాదిలో 2 నుంచి 23 మందికి గర్భం వస్తుందని సాధారణంగా చెప్తారు. అంత పెద్ద తేడా ఎందుకంటే, ఇందాక చెప్పిన పద్ధతులన్నిటినీ ఒకే గంపలో వేసి చెప్పే అంకె అది. విడదీస్తే, స్టాండర్డ్ డేస్‌ను నియమం తప్పకుండా వాడినవాళ్లలో దాదాపు 5, మామూలుగా వాడినవాళ్లలో 12. సింప్టోథర్మల్ మీద జర్మనీలో 900 మంది స్త్రీలతో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో నియమం తప్పనివాళ్లలో 0.4, మొత్తం మీద 1.8. ఈ చివరి అంకెను చాలామంది తెచ్చి ఏ యాప్‌కైనా అంటగడతారు. ఆ స్త్రీలు శిక్షణ పొంది, రోజూ చార్ట్ రాసినవాళ్లు. తేదీలు వేసుకుని పచ్చ రంగు చూసేవాళ్లకు ఆ అంకె వర్తించదు. పోల్చుకోవడానికి, మామూలు వాడకంలో కండోమ్‌కి 13, మాత్రలకు 7, కాపర్ టీకి ఒకటి కంటే తక్కువ.

నా అనుభవంలో పద్ధతి దెబ్బతినేది చార్టు దగ్గర కాదు, గర్భం వచ్చే రోజుల్లో ఇద్దరూ తీసుకునే నిర్ణయం దగ్గర. స్రావం ఎక్కువున్న రోజుల్లోనే కోరిక కూడా ఎక్కువగా ఉంటుందని చాలామంది స్త్రీలు చెప్తారు, నాకూ అంతే. మొదటి పొడి రోజుల నుంచి మూడో వేడి అంకె దాకా లెక్కేస్తే దూరంగా ఉండాల్సిన రోజులు తేలిగ్గా పది దాటుతాయి. ఆ రోజుల్లో కండోమ్ వాడితే మీ ఫెయిల్యూర్ రేటు కండోమ్‌దే అవుతుంది, అదీ సరిగ్గా గర్భం వచ్చే రోజుల్లో. మేం ఆ రోజుల్లో సంభోగం పూర్తిగా మానేస్తాం. మా ఆయన రోజూ చార్ట్ చూస్తాడు, నేను చెప్పకముందే అతనికి తెలుస్తుంది. ఆ సహకారం లేని ఇంట్లో, వద్దంటే గొడవయ్యే ఇంట్లో, ఒత్తిడి చేసే భర్త ఉన్నచోట ఈ పద్ధతిని నమ్ముకోవద్దని నా గట్టి మాట. అలాంటివాళ్లకు అవతలి మనిషి ఇష్టంతో పనిలేకుండా పనిచేసే ఇంజెక్షనో, కాపర్ టీయో, ఇంప్లాంటో కావాలి.

మిగతావాళ్లలో ఎవరు ఆధారపడకూడదంటే, ముందుగా కాన్పయి పాలిచ్చే తల్లులు. కాన్పు తర్వాత మొదటి పీరియడ్ కంటే ముందే అండం విడుదల కావచ్చు, లెక్కపెట్టడానికి మొదటి రోజే ఉండదు. రాత్రి నిద్ర ముక్కలుముక్కలవడంతో వేడి అంకెలకు విలువ ఉండదు. మాత్రలు ఈమధ్యే మానేసినవాళ్లకు నెలలు గాడిన పడేదాకా, ఇంజెక్షన్ మానేసినవాళ్లకు ఇంకా చాలాకాలం చార్ట్ నమ్మదగ్గది కాదు. నలభై దాటి పీరియడ్స్ ముందూ వెనకా అవుతున్నవాళ్లది అదే పరిస్థితి. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు అండం రాకుండానే తడి మళ్లీమళ్లీ కనిపిస్తుంది. మూత్రంతో చేసే ఓవ్యులేషన్ టెస్ట్ కిట్ కూడా వాళ్లకు తప్పుడు పాజిటివ్ చూపించవచ్చు. అసలు ఆ కిట్ గర్భం కోరుకునేవాళ్లకు చేసింది. అండానికి ఒకటి రెండు రోజుల ముందే చెప్తుంది కాబట్టి, 5 రోజులు బతికే వీర్యకణాల విషయంలో ఆ హెచ్చరిక ఆలస్యమైనట్టే. నైట్ షిఫ్టులు మారుతూ చేసేవాళ్లకు వేడి అంకెలు కుదరవు. యోని ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, దానికి మందు పెట్టుకుంటున్నప్పుడు స్రావం చదవలేం.

వీళ్లందరికంటే ముఖ్యం, గర్భం వస్తే ప్రమాదం ఉన్నవాళ్లు. తీవ్రమైన గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మూర్ఛకు వాల్‌ప్రోయేట్, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతున్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు. ఈ రెండు మందులూ కడుపులో బిడ్డకు తీవ్రమైన హాని చేస్తాయి. 1.8 శాతం తక్కువే అనిపించినా, వీళ్ల విషయంలో ఆ ఒక్కటీ భరించలేనిది. డాక్టర్‌తో మాట్లాడి వేరే పద్ధతి తీసుకోవాలి. సుఖవ్యాధుల భయం ఉన్నచోట కండోమ్ తప్పనిసరి, ఈ చార్ట్ వాటిని ఆపదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు నేర్పించేవాళ్ల దగ్గర నేర్చుకోండి. మొదటి మూడు నెలలైనా కండోమ్ వాడుతూ చార్ట్ మాత్రం రాయండి. రాయడం అలవాటయ్యాక కూడా మొదటి సగంలో ఎంత రిస్క్ తీసుకోవచ్చో ముందే మాట్లాడుకోండి. మేమైతే వేడి పెరిగాక వచ్చే రోజులనే వాడుకుంటాం, నెలకు పది పన్నెండు రోజులు దొరుకుతాయి. పొరపాటు జరిగితే ఎమర్జెన్సీ పిల్ వీలైనంత త్వరగా వేసుకోవాలి, లెవోనార్‌జెస్ట్రెల్ అయితే 72 గంటల్లోపు. అది అండాన్నే వెనక్కి నెట్టి నెల లెక్కంతా మార్చేస్తుంది, కాబట్టి ఆ నెల చార్ట్‌ను వదిలేసి తర్వాతి పీరియడ్ దాకా కండోమే. ఇక వేడి పైకి లేచి 18 రోజులైనా దిగకుండా, పీరియడ్స్ రాకుండా ఉంటే ఎదురుచూడకుండా ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి.