గేటు దగ్గర అమ్మిన గ్రహణం కళ్లద్దాలు వాడకండి, పిల్లల చేతికి అసలు ఇవ్వకండి

మొన్న 22వ తేదీ ఆదివారం మన అపార్ట్‌మెంట్ గేటు బయట బల్ల వేసుకుని గ్రహణం కళ్లద్దాలు అమ్మిన మనిషి మీ అందరికీ గుర్తుండే ఉంటాడు. జత 150 రూపాయలు. నేను నాలుగు జతలు కొన్నాను. మన బ్లాకులోనే కనీసం పది ఇళ్లవాళ్లు కొన్నారు. అవి ఇంకా మీ ఇంట్లో ఉంటే ఇది చదివిన వెంటనే కత్తిరించి పారేయండి.

ఈ ఉదయం, అంటే 2019 డిసెంబరు 26న, ఎనిమిది దాటాక సూర్యగ్రహణం చూడటానికి టెర్రస్ మీదికి వెళ్లాం. పాపకు తొమ్మిదేళ్లు. కళ్లద్దాలు పెట్టుకుని సూర్యుడి వైపు చూసింది, రెండు మూడు సెకన్లకే తల దించేసింది. "అమ్మా, కళ్లలో గుచ్చుతోంది" అంది. నేనేం చేశానో తెలుసా? "కొత్త కదా, అలాగే ఉంటుంది, మళ్లీ చూడు" అన్నాను. అది నా మాట విని మళ్లీ చూసింది. పొద్దుటి నుంచి ఆ మాటే నా చెవిలో మోగుతోంది. పిల్ల తనంతట తాను తల దించుకుంటే, చూడమని చెప్పింది నేనే.

అప్పుడే మూడో అంతస్తు మాష్టారు గారు పైకి వచ్చారు. ఆయన ఒక విజ్ఞాన ప్రచార సంస్థ వాళ్ల దగ్గర కొన్న కళ్లద్దాలు తెచ్చుకున్నారు. పాప చేతిలోని జత తీసుకుని తన కళ్లకు పెట్టుకుని, సూర్యుడి వైపు తిరగనే లేదు, నీళ్ల ట్యాంకు వైపు చూశారు. "నాకు ట్యాంకు కనబడుతోందమ్మా, దాని మీద రాసిన అక్షరాలు కూడా కనబడుతున్నాయి. ఇవి చలువ కళ్లద్దాలు, అంతే" అన్నారు. ఆయనవి నేను పెట్టుకుని చూస్తే ట్యాంకు లేదు, గోడ లేదు, నా చెయ్యి కూడా లేదు. కటిక చీకటి. అలాగే తల సూర్యుడి వైపు ఎత్తితే ఆ చీకటిలో ఒక్క నారింజ రంగు నెలవంక, అంచులు చెక్కినట్టు స్పష్టంగా, నిండు చంద్రుణ్ణి చూసినంత హాయిగా కనిపించింది.

తేడా ఎంతో ఆయన లెక్క వేసి చూపించారు. సూర్యుణ్ణి చూడటానికి పనికొచ్చే ఫిల్టర్ నుంచి లక్ష పాళ్ల వెలుగులో 3.2 పాళ్లకు మించి దాటకూడదు, అది గరిష్ఠ పరిమితి. మనం ఎండకు పెట్టుకునే ముదురు నల్ల కళ్లద్దాలు నూటికి 8 నుంచి 18 పాళ్లు వదులుతాయి. 15 అనుకుంటే లక్షకు 15,000. అంటే ఉండాల్సిన దానికంటే నాలుగు వేల రెట్లకు పైగా వెలుగు కంట్లో పడుతుంది. "అయితే ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటే?" అని మావారు అడిగారు. రెండు పెడితే లక్షకు 2,250, మూడు పెడితే సుమారు 340, నాలుగు పెడితే 50. ఐదు జతలు పెట్టినా ఏడు పాళ్లకు పైనే, అంటే పరిమితికి రెట్టింపు.

ఆరు పెట్టినా తీరని సంగతి ఇంకొకటి ఉంది. నల్ల కళ్లద్దాల్లో ఉండే రంగు మన కంటికి కనబడే వెలుగునే తగ్గిస్తుంది. కంటికి కనబడని పరారుణ కిరణాలు చాలావరకు దాని గుండా వెళ్లిపోతాయి. అసలైన ఫిల్టర్‌లో ఉండేది రంగు కాదు. ప్లాస్టిక్‌లో కలిపిన కర్బనం వెలుగును పీల్చేస్తుంది, లేదా సన్నటి పొర మీద పూసిన అల్యూమినియం వెనక్కి తిప్పి పంపేస్తుంది. కనబడే వెలుగునూ, అతినీలలోహితాన్నీ, పరారుణాన్నీ కలిపి ఆపేది అవే. పైగా చీకటి రంగు అద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది. వెలుగు తగ్గిందని కన్ను మోసపోయి తలుపు ఇంకా తెరుస్తుంది, లోపలికి కనబడని కిరణాలు ఇంకా ఎక్కువ వెళ్తాయి.

"సూర్యుడు చాలావరకు మూసుకుపోయాడు కదా" అని కూడా నేనే అన్నాను. అదీ తప్పే. పదింట తొమ్మిది వంతులు మూసుకుపోయినా మిగిలిన ఆ వంతు ఎప్పటి సూర్యుడంత తీక్షణంగానే ఉంటుంది. అది రెటీనా మీద ఎక్కడ పడుతుందో అక్కడ మామూలు సూర్యుడు చేసే హానే చేస్తుంది.

గ్రహణం పూర్తి కాకుండానే కళ్లద్దాలు తీసుకుని అతని దగ్గరికి వెళ్లాను. బస్‌స్టాపు పక్కన అదే బల్ల, అప్పటికీ అమ్ముతూనే ఉన్నాడు. ఒక చిన్నబాబును ఎత్తుకున్న తండ్రి డబ్బు తీస్తున్నాడు. నేను విషయం చెప్పాను, పాప సంగతి కూడా చెప్పాను. అతను నా వైపు చూడకుండా చిల్లర లెక్కపెడుతూ, "చూసేశారు కదా మేడమ్! గ్రహణం అయిపోతుంటే వాపసు అడుగుతారా?" అన్నాడు. పాపకు కళ్లు గుచ్చుకున్నాయని మళ్లీ చెప్పాను. "పిల్లలు అలాగే అంటారు. నల్లగానే ఉన్నాయి కదా, ఇంకేం కావాలి?" అని, పక్కనున్న తండ్రి చేతిలో రెండు జతలు పెట్టాడు. నా 600 రూపాయలు పోతే పోనీ. ఒక పిల్లకు హాని జరిగి ఉండవచ్చని చెబుతున్నప్పుడు కూడా ఇంకో పిల్లవాడి కోసం అవే కళ్లద్దాలు అమ్మిన ఆ చెయ్యిని నేను మరచిపోలేను. ఆ తండ్రికి మాత్రం ట్యాంకు పరీక్ష చేయించాను. వాపసు ఇచ్చేసి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కంటి డాక్టరు గారు పాపను చూశారు. ఇప్పటికి ఏమీ కనబడటం లేదన్నారు. కానీ రెటీనాకు నొప్పి తెలియదట. కాలినా ఆ క్షణంలో తెలియదు, కొన్ని గంటలకో మర్నాడు నిద్ర లేచాకో చూపు మధ్యలో మసక మచ్చ, గీతలు వంకరగా కనబడటం, రంగులు వెలిసినట్టు ఉండటం బయటపడవచ్చట. రేపు ఉదయం ఒక్కొక్క కన్ను మూసి పుస్తకంలో అక్షరాలు చదివించి చూడమన్నారు. మీ పిల్లలు ఈ కళ్లద్దాలతో చూసి ఉంటే మీరూ అలాగే చూడండి, తేడా ఉంటే వెంటనే తీసుకెళ్లండి.

ఆ కళ్లద్దాల కాడ మీద "ఐఎస్ఓ 12312-2" అనీ, "నాసా ఆమోదం పొందినది" అనీ ముద్రించి ఉంది. అవి చూసే నేను నమ్మాను. నాసా ఏ కంపెనీ కళ్లద్దాలనూ ఆమోదించదు, కాబట్టి ఆ మాట ఉంటేనే అనుమానించాలి. ఐఎస్ఓ సంఖ్య సూర్యుణ్ణి చూసే ఫిల్టర్లకు ఉన్న నిజమైన ప్రమాణానిదే, కానీ దాన్ని ఎవరైనా ముద్రించుకోవచ్చు. తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా ఎక్కడా లేకపోవడం నేను ఆదివారమే గమనించాల్సింది.

కొనేటప్పుడు గదిలో పెట్టుకుని చూడండి. ట్యూబ్‌లైటు, ఫ్యాను కనబడితే అవి పనికిరావు. ఏమీ కనబడకపోయినంత మాత్రాన పరారుణం ఆగుతుందని ఇంట్లో తేల్చలేం, అందుకే నమ్మకమైన సంస్థ దగ్గరే కొనండి. గీతలు, సన్నటి చిల్లులు ఉన్నా వాడకండి. ఏవీ దొరకకపోతే అట్టకు సూదితో చిల్లు పొడిచి, సూర్యుడికి వీపు పెట్టి, ఒక మీటరు దూరంలో తెల్ల కాగితం మీద వెలుగు పడనివ్వండి. 9 మిల్లీమీటర్ల చిన్న సూర్యుడు కనబడతాడు. ఆ చిల్లులోంచి ఆకాశం వైపు మాత్రం చూడకూడదు.

2020 జూన్ 21న మళ్లీ గ్రహణం ఉంది, బెంగళూరులో పాక్షికంగా కనబడుతుంది. అది కూడా ఆదివారమే, అతను ముందు రోజుల్లో బల్ల వేస్తాడు. మిగిలిన జతలు దాచుకోవద్దని పనమ్మాయి ఇళ్లకూ, వాచ్‌మన్ ఇంటికీ కూడా చెప్పండి. నేను రెండు జతలు వాళ్ల పిల్లలకు ఇచ్చాను, ఇప్పుడే వెళ్లి తెచ్చుకుంటున్నాను.