ఆరేళ్లు రెయిడ్ కార్డు, మూడేళ్లు లినక్స్ రెయిడ్: మా స్టూడియో అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో మాది పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో. ముహూర్తాల రోజుల్లో ఒక్కో పెళ్లికి 200 జీబీకి పైగా వచ్చి పడుతుంది. అందుకే నాలుగు 4 టీబీ డిస్కులను, వాటిని ఒకటిగా కలిపి నడిపే, సర్వర్లలో వాడే ఒక రెయిడ్ కార్డును కొని రెయిడ్ 5 పెట్టుకున్నాను. నాలుగింటిలో ఒక డిస్కు అంత జాగా పోయిన డిస్కులోని డేటాను తిరిగి లెక్కగట్టడానికి రాసే ప్యారిటీకి పోయి, 12 టీబీ చేతికొచ్చింది. ఏదైనా ఒక డిస్కు పోయినా పని ఆగదు. డిస్కులు పోతాయన్న భయంతోనే ఇదంతా చేశాను. కార్డు పోతే ఏమిటన్న ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదు.

కార్డు బాగా పనిచేసిందన్న మాట ముందే చెప్పాలి. దానికి సొంత ప్రాసెసర్, 1 జీబీ క్యాష్ మెమరీ, ఆ మెమరీకి ఒక చిన్న బ్యాటరీ ఉన్నాయి. మనం ఫైలు పంపగానే దాన్ని మెమరీలో పెట్టుకుని ‘రాసేశాను’ అని కంప్యూటర్‌కు చెప్పేస్తుంది. డిస్కుల మీదికి తర్వాత నింపాదిగా దించుతుంది. కరెంటు పోతే మెమరీలో మిగిలినదాన్ని బ్యాటరీ కాపాడుతుంది. విండోస్‌కు మాత్రం నాలుగు డిస్కులు కనబడవు, ఒకే పెద్ద డిస్కు కనబడుతుంది. మూడో ఏడు దాటాక ఒక రోజు కాపీ వేగం సగానికన్నా తక్కువకు పడిపోయింది. డిస్కులన్నీ బాగున్నాయి. కార్డు సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే బ్యాటరీ అయిపోయిందని తేలింది. బ్యాటరీ లేకపోతే కార్డు తనంతట తానే జాగ్రత్తపడి, ప్రతిదీ డిస్కు మీద పడ్డాకే ‘అయింది’ అని చెబుతుంది. నెమ్మదించడానికి కారణం అదే. బ్యాటరీ మార్చాను, వేగం తిరిగి వచ్చింది.

ఆరో ఏట వైశాఖంలో కార్డు పోయింది. ఒక పెళ్లి ఫొటోలు కాపీ అవుతుండగా స్క్రీన్ బిగుసుకుపోయింది. మళ్లీ ఆన్ చేస్తే, రోజూ మొదట కనబడే కార్డు పేరే కనబడలేదు. ఒక డిస్కు మాయమైతే డిస్కునే అనుమానించాలి. నాలుగూ ఒక్కసారే మాయమైతే కార్డునో, కేబుళ్లనో, పవర్ సప్లైనో చూడాలి. కేబుళ్లు మార్చాను, కార్డును వేరే స్లాట్‌లో, వేరే కంప్యూటర్‌లో కూడా పెట్టి చూశాను. ఎక్కడా పలకలేదు. ఇలాంటి కార్డులు సర్వర్లలో పెద్ద ఫ్యాన్ల గాలికి తగ్గట్టుగా తయారవుతాయి. నేను దాన్ని మామూలు క్యాబినెట్‌లో, గుంటూరు ఎండల్లో, మీద ఫ్యాన్ లేకుండా నడిపాను. వేడే దాన్ని తినేసిందని నా నమ్మకం.

డిస్కులు ఎలా ఉన్నాయో చూద్దామని ఒక్కొక్కదాన్ని నేరుగా మదర్‌బోర్డుకు కలిపాను. నాలుగూ నిక్షేపంగా తిరుగుతున్నాయి. అయినా విండోస్‌కు వాటిలో ఒక్క ఫోల్డర్ కూడా కనబడలేదు. కొత్త డిస్కు అనుకుని ‘ఇనిషియలైజ్ చేయాలా’ అని అడిగింది. అక్కడ సరే అని నొక్కితే డిస్కు మీద కొత్త రాతలు పడతాయి. రద్దు చేసి బయటికొచ్చాను.

ఫైలు ఎందుకు కనబడదంటే, అది ఏ ఒక్క డిస్కులోనూ పూర్తిగా ఉండదు. నా కార్డు ముక్క సైజు 256 కేబీ. 25 ఎంబీల ఫొటో ఒక్కటి వంద ముక్కలై నాలుగు డిస్కుల మీద పరుచుకుంటుంది. ప్రతి మూడు ముక్కలకు ఒక ప్యారిటీ ముక్క, అది కూడా వరసకో డిస్కు చొప్పున తిరుగుతూ ఉంటుంది. ముక్క సైజు ఎంత, డిస్కుల వరస ఏమిటి, ప్యారిటీ ఎటు తిరుగుతుంది అన్న వివరాలను కార్డు తనకు తెలిసిన పద్ధతిలో డిస్కుల మీదే రాసి పెట్టుకుంటుంది. ఆ రాత ఆ కుటుంబపు కార్డులకే తెలుసు. వేరే కంపెనీ కార్డు తెచ్చి పెడితే దానికి ఇవి ఖాళీ డిస్కులే.

అదే రకం కార్డు గుంటూరులో దొరకలేదు, విజయవాడలోనూ దొరకలేదు. సికింద్రాబాద్‌లో పాత సర్వర్ విడిభాగాలు అమ్మే ఒకాయన దగ్గర దొరికి, చేతికి రావడానికి ఆరు రోజులు పట్టింది. ఈలోగా పెళ్లికూతురి తండ్రి రెండుసార్లు ఫోను చేసి, “ఆల్బమ్ ఎప్పటికి అవుతుంది బాబూ, అమ్మాయి అమెరికా వెళ్లేలోగా ఇస్తారా?” అని అడిగారు. ఫొటోలు భద్రంగానే ఉన్నాయని చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతులో ఆ నమ్మకం లేదు.

కొత్త కార్డు బిగించి ఆన్ చేయగానే తెర మీద ఈ వాక్యం వచ్చింది:

```
Foreign configuration(s) found on adapter
```

ఈ డిస్కుల మీద వేరే కార్డు రాసిన వివరాలు ఉన్నాయని దాని అర్థం. ఇక్కడ రెండు దారులుంటాయి: `Import`, `Clear`. మొదటిది ఆ వివరాలను చదివి పాత రెయిడ్‌ను నిలబెడుతుంది, రెండోది వాటిని చెరిపేస్తుంది. ముందు ప్రివ్యూలో నాలుగు డిస్కులూ, 12 టీబీ సైజూ సరిగా ఉన్నాయని చూసుకున్నాకే `Import` నొక్కాను. ఫోల్డర్లు తిరిగొచ్చాయి. కార్డు చచ్చిన క్షణంలో దాని మెమరీలో ఉన్నది మాత్రం రాలేదు. బ్యాటరీ కాపాడేది కరెంటు పోయినప్పుడు. బోర్డే కాలిపోతే, దానికే అతికి ఉన్న మెమరీని ఏం చేసుకోగలం? చివర కాపీ చేసిన పెళ్లి ఫోల్డర్‌లో పదిహేడు ఫొటోలు సగం బూడిద రంగుతో తెరుచుకున్నాయి. మా కుర్రవాడు కెమెరా కార్డులను ఇంకా చెరపలేదు కాబట్టి గట్టెక్కాం.

ఆ సీజన్ అయ్యాక లినక్స్‌కు మారాను. ఉన్నవాటిని ఉన్నచోటే మార్చే వీలు లేదు. డేటా మొత్తం వేరే డిస్కుల మీదికి దించి, ఈ నాలుగింటినీ నేరుగా మదర్‌బోర్డుకు కలిపి, కార్డు పనిని లినక్స్‌లోనే చేసే ప్రోగ్రామ్ mdadm‌తో కొత్తగా రెయిడ్ 5 కట్టాలి. ఇక్కడ కూడా ప్రతి డిస్కు మీద వివరాలు రాసి ఉంటాయి. తేడా ఏమిటంటే ఆ రాతను ఏ లినక్స్ యంత్రమైనా చదువుతుంది. నాకు నమ్మకం కుదరాలని, మారిన రెండో నెలలోనే నాలుగు డిస్కులనూ అరండల్‌పేటలోని మిత్రుడి పాత కంప్యూటర్‌కు తీసుకెళ్లి, కావాలనే వరస మార్చి బిగించాను. పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో ఆన్ చేసి, రూట్‌గా ఇవి కొట్టాను:

```
mdadm --assemble --scan
cat /proc/mdstat
mount -o ro /dev/md127 /mnt
```

పరాయి యంత్రం కాబట్టి పేరు `md127` అయింది, లోపల మాత్రం అన్నీ ఉన్నాయి. పరీక్షే కాబట్టి చదవడానికి మాత్రమే తెరిచాను. ఆరు రోజులు పట్టిన పని పది నిమిషాల్లో అయింది.

పోగొట్టుకున్నది కూడా ఉంది. ఆ బ్యాటరీ ఉన్న మెమరీ ఇక్కడ లేదు. డేటా ముక్క రాసి, ప్యారిటీ రాసే లోపు కరెంటు పోతే ఆ వరసలో లెక్క తప్పుతుంది. మళ్లీ ఆన్ చేశాక లినక్స్ ఆ లెక్కను సరిచేసుకునేలోపే ఒక డిస్కు పోతే, ఆ తప్పు లెక్కతోనే తిరిగి కట్టాల్సి వస్తుంది. అందుకే ఇన్వర్టర్‌తో సరిపెట్టకుండా, కరెంటు పోతే కంప్యూటర్‌ను దానంతట అదే పద్ధతిగా ఆపించే యూపీఎస్ పెట్టాను. చిన్న చిన్న రాతలు విపరీతంగా ఉండే డేటాబేస్ నడిపేవారికి కార్డు వేగం నిజంగా అక్కరకొస్తుంది. వారు అదే మోడల్ కార్డు ఇంకొకటి కొని బీరువాలో పెట్టుకోవాలి, దాని ఖర్చును మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. మాకు పెద్ద ఫైళ్లే, అవి కూడా గిగాబిట్ నెట్‌వర్క్ మీదే నడుస్తాయి. ఆ తీగ సెకనుకు 110 ఎంబీల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి కార్డు తీసేశాక మాకు తేడా తెలియలేదు. ప్యారిటీ లెక్కలు ఇప్పటి ప్రాసెసర్లకు ఒక భారం కాదు.

పోయిన నెలలో ఒక డిస్కు నిజంగానే పోయింది. `/proc/mdstat`లో బాగున్న ప్రతి డిస్కుకు ఒక U చొప్పున `[UUUU]` ఉండాల్సిన చోట `[UUU_]` కనబడింది. కొత్త డిస్కు పెట్టి `--add` ఇచ్చి ఇంటికి వెళ్లాను. తిరిగి కట్టుకోవడానికి ఎనిమిది గంటలు పైన పట్టింది, పొద్దున వచ్చేసరికి నాలుగు U‌లూ నిండి ఉన్నాయి.